పచ్చళ్ల సీసాతో మైక్రో ఇన్‌ఫ్లుయెన్సర్ల దగ్గరికి: ఎవరిని పట్టుకోవాలి, ఏం మాట్లాడుకోవాలి, తర్వాత ఏం లెక్కపెట్టాలి

తెనాలిలో మా పిన్ని పచ్చళ్లు పెడుతుంది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్ ఆర్డర్ల సంగతి నేను చూస్తాను. వెబ్‌సైట్ లేదు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ, వాట్సాప్‌లో ఆర్డర్లు, అంతే. ఒక ఆవకాయ సీజన్‌లో ముగ్గురు మైక్రో ఇన్‌ఫ్లుయెన్సర్లతో ప్రమోషన్ చేయించాం. ఇద్దరి దగ్గర డబ్బు మిగిలింది, ఒకరి దగ్గర గట్టిగా పోయింది. ఆ ముగ్గురి లెక్కలూ పక్కన పెట్టుకుని, ఈ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో రాస్తున్నాను. చీరలు, సబ్బులు, కుండీలు, మీరు ఏది అమ్ముతున్నా దారి ఇదే, అంకెలు మాత్రం మీవి వేసుకోండి.

మైక్రో అంటే సుమారు పది వేల నుంచి లక్ష దాకా ఫాలోవర్లు ఉన్నవాళ్లు. గీత గీసినట్టు కచ్చితమైన హద్దేమీ లేదు, ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు.

1. ఎవరికీ మెసేజ్ పెట్టకముందే ఒక్క ఆర్డర్‌కి ఎంత మిగులుతుందో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. "ఆవిడ ఆరు వేలు అడుగుతోంది, ఇవ్వచ్చా?" అంటారు. ఆరు వేలు ఎక్కువా తక్కువా అన్నది మీ ఆర్డర్ మీద మిగిలేదాన్ని బట్టి ఉంటుంది. మాకు సగటు ఆర్డర్ 900 రూపాయలు. ఫాలోవర్లకి పది శాతం తగ్గిస్తామని కూపన్ ఇస్తే 810 చేతికొస్తాయి. అందులో కాయలు, నూనె, కారం, సీసా, ప్యాకింగ్ అన్నీ కలిపి 400, కొరియర్ 110. మిగిలేది 300.

క్రియేటర్‌కి 6,000 ఇచ్చి, తయారీకి, కొరియర్‌కి కలిపి మనకి 1,200 పడే పచ్చళ్లు పంపితే ఖర్చు 7,200. దాన్ని 300తో భాగిస్తే 24. అంటే 24 ఆర్డర్లు వస్తే అసలు వెనక్కి వచ్చినట్టు, ఆ పైన వచ్చిందే లాభం. ఈ 24 అన్న అంకెని కాగితం మీద రాసి పెట్టుకుంటే, తర్వాత రీల్‌కి లక్ష వ్యూస్ వచ్చినా మనసు తేలిపోదు. ఆర్డర్ మీద మీకు 60 రూపాయలే మిగిలేట్టయితే ఇదే ఖర్చుకి 120 ఆర్డర్లు కావాలి, మైక్రో పేజీ నుంచి అన్ని రావడం కష్టం. అప్పుడు ముందు కాంబో ప్యాక్‌లాంటిది పెట్టి ఆర్డర్ విలువ పెంచుకోండి, ప్రమోషన్ తర్వాత చూద్దురుగాని.

సరుకు ఎంత ఉందో కూడా అప్పుడే చూసుకోవాలి. కొత్త ఆవకాయ మూడో రోజు తిరగ్గలిపి, ఊరి, సీసాల్లోకి ఎక్కాక రీల్ పడాలి తప్ప, జాడీలో ఉండగా కాదు. రీల్ పడ్డాక "అయిపోయిందండీ, మళ్లీ పదిహేను రోజులు" అనాల్సి వస్తే ఆ డబ్బు కొరియర్ లేకుండానే గాల్లోకి పోయినట్టు.

2. మనిషిని ఎంచుకోవడం: ఫాలోవర్ల కన్నా ముందు కామెంట్లు చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ దశ మీదే. ఒక్కో పేజీకి కనీసం అరగంట.

ముందు మీ కస్టమర్లు ఎవరిని చూస్తున్నారో వాళ్లనే అడగండి. పాత కస్టమర్లు ఇరవై మందికి "వంటల వీడియోలు ఎవరివి చూస్తారండీ?" అని వాట్సాప్ పెట్టాను. మేం తర్వాత పనిచేసిన ముగ్గురిలో ఇద్దరి పేర్లు ఆ జవాబుల్లోంచే వచ్చాయి. హ్యాష్‌ట్యాగ్‌లలో వెతికితే ప్రమోషన్లే వృత్తిగా పెట్టుకున్న పేజీలు ముందు తగులుతాయి.

పేజీ తెరిచాక పైన పిన్ చేసిన రీల్స్ వదిలేసి, తాజాగా పెట్టినవి పదకొండు చూడండి. వాటి వ్యూస్ వరసగా రాసుకుని, చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, మధ్యలో ఉన్న అంకె చూడండి. సగటు తీయొద్దు, ఎందుకంటే ఒక్కటి వైరల్ అయితే సగటు ఉబ్బిపోతుంది. మేం పనిచేసిన ముగ్గురిలో ఒకరు కాకినాడ ఆవిడ, వంటల వీడియోలు చేస్తుంది. పదిహేడు వేల ఫాలోవర్లున్న ఆవిడ పేజీలో ఒక రీల్ 60 వేలు దాటింది, కానీ మధ్య అంకె 9 వేలే. మనకి రాబోయేది దాదాపు ఆ 9 వేలే అనుకుని బేరం మాట్లాడాలి. అలాగే డబ్బులు తీసుకుని చేసిన రీల్స్‌ని విడిగా చూడండి. మామూలు వాటికి తొమ్మిది వేలు, ప్రమోషన్లకి వెయ్యి వస్తుంటే, ఆ ఫాలోవర్లు ప్రకటన కనపడగానే వేలితో పైకి తోసేస్తున్నారన్నమాట.

తర్వాత కామెంట్లు. ఇది ఎలా ఉంటుందో రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చెబుతాను. హైదరాబాద్ ఫుడ్ వ్లాగర్ ఒకరు, 82 వేల ఫాలోవర్లు, చాలా చక్కటి షూటింగ్. ఆయన కామెంట్లలో "సూపర్ బ్రో", "ఎక్కడ బ్రో లొకేషన్", నిప్పు గుర్తులు, చప్పట్ల గుర్తులు. కాకినాడ ఆవిడ పప్పుచారు వీడియో కింద "వదినా, ముద్దపప్పుకి నీళ్లు ఎంత పోశారు?", "ఆ స్టీలు గిన్నె ఎక్కడ కొన్నారు వదినా?", "మా అత్తగారు ఇందులో ఇంగువ వేస్తారు". గిన్నె ఎక్కడ కొన్నారని అడిగే జనం కొంటారు. ఆవిడ ప్రతి ప్రశ్నకీ జవాబు కూడా ఇస్తోంది. వ్లాగర్ దగ్గరి జనానికి కావలసింది శనివారం రాత్రి ఎక్కడికెళ్లి తినాలన్నది. పచ్చడి సీసా వాళ్ల ప్రశ్నకి జవాబు కాదు. నాకు అది కనపడింది కూడా, అయినా 82 వేలు చూసి ఆశపడ్డాను. ఆ కథ కిందకి వస్తుంది.

దొంగ ఫాలోవర్ల సంగతి. కామెంట్లన్నీ ఒకటి రెండు మాటలే అయి, పెట్టినవాళ్లంతా వేరే క్రియేటర్లే అయితే, వాళ్లు ఒక గ్రూపు కట్టి ఒకరికొకరు పెట్టుకుంటున్నారని అనుమానించాలి. ఫాలోవర్ల జాబితా కిందకి జరుపుతూ వెళ్లండి, ఫొటోలు లేని, ఒక్క పోస్టూ లేని ఖాతాలు గుట్టలుగా ఉంటే వదిలేయండి. ఇంతకీ గట్టి పరీక్ష ఏమిటంటే, ఇన్‌సైట్స్‌లో, అంటే ఇన్‌స్టాగ్రామ్ ఆ పేజీ వాళ్లకి చూపించే లెక్కల్లో, ఫాలోవర్ల ఊళ్లు, వయసులు, గత 30 రోజుల్లో ఎంతమందికి చేరిందో తెరిచి చూపిస్తూ స్క్రీన్ రికార్డింగ్ పంపమని అడగడం. స్క్రీన్‌షాట్ వద్దు, దాన్ని మార్చడం ఐదు నిమిషాల పని. తెలుగులో మాట్లాడే పేజీకి పై వరసలో మన ఊళ్లు, బెంగళూరు, చెన్నై కాకుండా సంబంధం లేని దేశాల నగరాలు కనపడితే కథ అర్థమైపోతుంది. అడిగితే నొచ్చుకుంటారేమో అనుకోవద్దు, ఈ పని మీద ఉన్నవాళ్లకి అది అలవాటే.

ఆఖరుగా, గత రెండు నెలల్లో ఇంకెన్ని పచ్చళ్ల పేజీలకి చేశారో చూడండి. నెలలో మూడు రకాల ఆవకాయల్ని "నేను తిన్నవాటిలో ఇదే బెస్ట్" అన్నవాళ్లు మనదాన్ని నాలుగోది చేస్తారు.

మూడో పేజీ బెంగళూరులో ఉండే తెలుగమ్మాయిది. 12 వేల ఫాలోవర్లు, ఆఫీసు లంచ్ బాక్స్ వీడియోలు. అమ్మ దగ్గరి నుంచి డబ్బాలు వచ్చే వారం, రాని వారం అని రెండు రకాల బాక్సులు చూపిస్తుంది. ఇంటి పచ్చడికి ఇంతకన్నా తగిన చోటు ఏముంటుంది?

3. మొదటి మెసేజ్, రేటు

"హాయ్ మేడమ్, కొలాబ్‌కి ఇంట్రెస్ట్ ఉందా?" అని పెట్టకండి, రోజుకి అలాంటివి పది వస్తాయి వాళ్లకి. మీరెవరు, ఏం అమ్ముతారు, వాళ్ల ఏ వీడియో చూసి అడుగుతున్నారు, డబ్బు ఇస్తారా సరుకు మాత్రమేనా, ఎప్పటికి కావాలి, ఈ ఐదూ ఒకే మెసేజ్‌లో ఉండాలి. సరుకు మాత్రమే ఇచ్చే బార్టర్ ఐతే ఆ మాట మొదటే చెప్పండి. నాలుగు రోజులు మాట్లాడాక చెబితే వాళ్లు బ్లాక్ చేసినా తప్పు లేదు. బార్టర్‌లో ఇంకో చిక్కు, తేదీ గురించి గట్టిగా అడిగే హక్కు మనకి ఉండదు.

రేటు వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత మీ కాగితం మీద రాసుకున్న అంకె చూసుకుని, కుదరకపోతే రేటు తగ్గించమనే బదులు పని తగ్గించండి. రెండు రీల్స్ బదులు ఒక రీల్, రెండు స్టోరీలు, అలా. కాకినాడ ఆవిడకి 6,000, బెంగళూరు అమ్మాయికి 4,000, హైదరాబాద్ వ్లాగర్‌కి 18,000 కుదిరాయి. ముగ్గురికీ 1,200 ఖర్చయ్యే పచ్చళ్లు.

4. మాట్లాడుకున్నది రాసుకోండి, వాట్సాప్‌లోనైనా సరే

అంతకుముందు ఏడాది మాకొక దెబ్బ తగిలింది. ఒక పేజీతో నోటిమాట మీద ఒప్పుకున్నాం. అడ్వాన్స్ ఇచ్చాం, దసరా లోపు పెడతామన్నారు, వాయిదాలు వేసి వేసి సరిగ్గా కార్తీక సోమవారం నాడు వెల్లుల్లి ఆవకాయ రీల్ పెట్టారు. కింద కామెంట్లు: "ఈ నెల వెల్లుల్లి తినం అక్కా". తప్పు సగం నాదే, తేదీ ఎక్కడా రాసుకోలేదు. అప్పటి నుంచి ఇలా ఒక మెసేజ్ పెట్టి, "ఓకే" అని జవాబు వచ్చాకే డబ్బు పంపుతున్నాను:

"ఒక రీల్, 40 నుంచి 60 సెకన్లు, రెండు స్టోరీలు లింక్‌తో. రీల్ జూన్ 18, 19, 20లో ఒక రోజు సాయంత్రం. పెట్టడానికి రెండు రోజుల ముందు మాకు చూపించాలి, తప్పులుంటే ఒకసారి మారుస్తారు. రీల్ ఆరు నెలలు తీయకూడదు. లింక్ వారం రోజులు బయోలో ఉంటుంది. ముందు, తర్వాత కలిపి నెల రోజులు వేరే పచ్చళ్లకి చేయరు. వీడియోని మా పేజీలో మూడు నెలలు వాడుకుంటాం. డబ్బు సగం ఇప్పుడు, సగం ఏడో రోజు ఇన్‌సైట్స్ రికార్డింగ్ పంపాక. తేదీ తప్పితే ముందే చెప్పాలి, వారం దాటితే అడ్వాన్స్ వెనక్కి."

చదవడానికి కటువుగా ఉంది కదా. కానీ ఇందులో ప్రతి వాక్యం వెనక ఎవరిదో ఒకరి గొడవ ఉంది. ముఖ్యంగా వీడియో వాడకం, వాళ్ల ముఖంతో ఉన్న వీడియోని మనం ఎక్కడ ఎన్నాళ్లు వాడతామన్నది డబ్బు మాట్లాడేటప్పుడే తేలాలి.

మీ వైపు బాధ్యతలూ రాయండి. సరుకు ఏ తేదీకి చేరుతుంది, ప్రశ్నలకి ఎవరు జవాబిస్తారు, రీల్ పడ్డ సాయంత్రం వాట్సాప్ దగ్గర ఎవరు కూర్చుంటారు. మేం మూడు రీల్స్ పడ్డ మూడు సాయంత్రాలూ ఏడు నుంచి పదకొండు దాకా కూర్చున్నాం. రాత్రి తొమ్మిదికి అడిగినవాళ్లకి మర్నాడు పదింటికి జవాబిస్తే సగం మంది మరిచిపోయి ఉంటారు.

5. స్క్రిప్ట్ ఇవ్వకండి, మూడు నిజాలు ఇవ్వండి

మనం రాసిన డైలాగులు వాళ్ల నోట్లో పెడితే ఫాలోవర్లకి ఇట్టే తెలిసిపోతుంది. నేను ఇచ్చినవి మూడే: గానుగ నువ్వుల నూనె, గుంటూరు మిరప పొడి, ఆర్డర్ వచ్చాక రెండు రోజుల్లో పంపడం. మిగతాది వాళ్ల ఇష్టం. కాకినాడ ఆవిడ సీసా విప్పుతుంటే మూత చుట్టూ కాగితానికి ఎర్రటి నూనె అంటింది. ఆ ముక్క తీసేయమందామనుకున్నాను, పిన్ని వద్దంది. ఆవిడ వేలితో ఆ నూనె తుడిచి, "ఇదిగో, వేడన్నంలోకి ఇది చాలు" అంది. ఎక్కువ మంది పంచుకున్నది ఆ ముక్కే. లీకేజీ సంగతి మాత్రం ఆ రోజు నుంచి మూత కింద సీలు వేసి సరిచేసుకున్నాం.

అనకూడనివి మాత్రం స్పష్టంగా చెప్పండి. "షుగర్ ఉన్నవాళ్లకి మంచిది", "అరుగుదలకి మందు" లాంటి మాటలు ఒక్కటీ వద్దు. ప్రిజర్వేటివ్‌లు లేవని నిజంగా లేకపోతేనే అనాలి. లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కెమెరాకి కనపడేట్టు పట్టుకోమనండి, అది అడిగే కామెంట్ ఒకటి తప్పకుండా వస్తుంది.

ఇది ప్రకటన అని చెప్పడం గురించి. డబ్బు ఇచ్చినా, ఉచితంగా సరుకు పంపినా, ఆ సంగతి చూసేవాళ్లకి తెలియాలి. 2021లో యాడ్స్ ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ ఇన్‌ఫ్లుయెన్సర్లకి నియమాలు పెట్టింది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారికే పది లక్షల దాకా జరిమానా ఉంది, అది అమ్మేవాళ్లకీ చెప్పినవాళ్లకీ ఇద్దరికీ వర్తిస్తుంది. చేయాల్సింది చిన్న పని: ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్ పెట్టేటప్పుడు `Paid partnership` లేబుల్ ఆన్ చేయడం, వీడియోలో తెలుగులో ఒక మాట అనడం. "వీళ్లు నాకు డబ్బిచ్చి పంపారు, నచ్చింది కాబట్టి చెబుతున్నా" అని బెంగళూరు అమ్మాయి మొదటి ఐదు సెకన్లలోనే అనేసింది. అలా అన్నందుకు ఆర్డర్లేమీ పడిపోలేదు.

పాట విషయం కూడా ఇక్కడే. వెనకాల సినిమా పాట పెట్టొద్దని ముందే చెప్పండి. ప్రకటనకి ఆ పాట వాడుకునే హక్కు మనకి ఉండదు, పైగా హక్కులున్న పాటతో ఉన్న రీల్‌ని తర్వాత డబ్బు పెట్టి బూస్ట్ చేద్దామంటే ఇన్‌స్టాగ్రామ్ ఒప్పుకోదు. సొంత గొంతు, వంటింటి చప్పుడు చాలు.

6. ఆర్డర్ ఎవరి నుంచి వచ్చిందో పట్టుకోవడం

ఇది రీల్ పడ్డాక మొదలుపెట్టే పని కాదు, ముందే అమర్చుకోవాలి. వెబ్‌సైట్ లేకపోయినా వాట్సాప్ లింక్‌తో బాగానే కుదురుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో లింక్:

```
https://wa.me/91XXXXXXXXXX?text=VADINA10
```

ఎక్స్‌ల చోట మీ వ్యాపార నంబరు, చివర ఆ క్రియేటర్ కోడ్. లింక్ నొక్కగానే చాట్ తెరుచుకుని ఆ కోడ్ టైప్ అయి ఉంటుంది, వాళ్లు పంపడమే తరువాయి. మీరు ఆ మాటతో వాట్సాప్‌లో వెతికితే వచ్చినవన్నీ ఒకచోట కనపడతాయి. కోడ్ చిన్నదిగా, నోటితో చెప్పినా రాయగలిగేదిగా ఉండాలి.

కోడ్ ఒక్కటే నమ్ముకోకూడదు. కొందరు రీల్ చూసి, రెండు రోజులాగి, పేజీ పేరు వెతుక్కుని కోడ్ లేకుండా వస్తారు. ఇంకొందరు పాత కస్టమర్లు, ఎలాగూ కొనేవాళ్లు, పది శాతం తగ్గుతుందని కోడ్ కొడతారు. మొదటివాళ్లని కలపాలి, రెండోవాళ్లని తీసేయాలి. అందుకని కొత్త నంబరు నుంచి వచ్చిన ప్రతి ఆర్డర్‌కీ "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని ఒక్క ప్రశ్న, పాత నంబరైతే లెక్కలో వేయకపోవడం. ముగ్గురి రీల్స్‌కీ మధ్య కనీసం పది రోజుల ఎడం పెట్టండి, లేకపోతే ఎవరి వల్ల వచ్చిందో కలగాపులగం అయిపోతుంది.

7. మా ముగ్గురి లెక్క

పద్నాలుగు రోజులకి ఇలా తేలింది. హైదరాబాద్ వ్లాగర్: 1,10,000 వ్యూస్, 14 ఆర్డర్లు. కాకినాడ ఆవిడ: 21,000 వ్యూస్, 41 ఆర్డర్లు. బెంగళూరు అమ్మాయి: 8,000 చిల్లర వ్యూస్, 19 ఆర్డర్లు.

ఇచ్చిన డబ్బుని వ్యూస్‌తో భాగిస్తే వ్లాగరే చవక, ఒక్కో వ్యూకి 16 పైసలు, కాకినాడ ఆవిడకి 29 పైసలు దాకా పడింది. అదే మొత్తం ఖర్చుని ఆర్డర్లతో భాగించండి. వ్లాగర్ తెచ్చిన ఒక్కో ఆర్డర్ మాకు 1,371 రూపాయలు పడింది, 900 రూపాయల ఆర్డర్ కోసం. కాకినాడ ఆవిడది 176, బెంగళూరు అమ్మాయిది 274. ఆర్డర్ మీద మిగిలేది 300 కాబట్టి ఆ లోపు ఉన్నవాళ్లు గట్టెక్కినట్టు, అంతే.

రూపాయల్లో చూస్తే కాకినాడ ఆవిడ దగ్గర 5,100 లాభం, బెంగళూరులో 500, హైదరాబాద్‌లో 15,000 నష్టం. ఇక్కడితో పుస్తకం మూసేస్తే బెంగళూరు అమ్మాయి దండగ అనిపిస్తుంది. పచ్చడి అయిపోతే మళ్లీ కొనే సరుకు కాబట్టి అరవై రోజులు ఆగి మళ్లీ చూశాను. ఆ 19 మందిలో 8 మంది రెండోసారి తెప్పించుకున్నారు, 41 మందిలో 11 మంది, 14 మందిలో ఒక్కరు. రెండోసారి కూపన్ ఉండదు కాబట్టి ఆర్డర్‌కి 390 మిగులుతుంది. అలా బెంగళూరు లాభం 3,620కి, కాకినాడ 9,390కి పెరిగాయి, హైదరాబాద్ నష్టం 14,610 దగ్గర ఆగింది. అన్నీ కలిపితే మొత్తం మీద 1,600 నష్టం. ఆ పెద్ద పేజీ మీద ఆశ పడకపోతే 13,010 లాభం.

చీరలాంటివి అమ్మేవాళ్లకి అరవై రోజులు చాలకపోవచ్చు, పండగ దాకా ఆగాలి. ఇంకో మాట, పది పన్నెండు ఆర్డర్ల తేడా చూసి ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చేయకండి. ఆ వారం జీతాలు పడ్డాయా, వాన పడిందా అన్నదాన్ని బట్టి కూడా అంత తేడా వస్తుంది. 41కీ 14కీ ఉన్న తేడా ఐతే నమ్మొచ్చు, అది కూడా రేట్లు పక్కన పెట్టుకుని.

ఏడో రోజు వచ్చే ఇన్‌సైట్స్ రికార్డింగ్‌లో లైకులు వదిలేసి సేవ్‌లు, షేర్లు, ఫాలోవర్లు కానివాళ్లు ఎంతమంది చూశారన్నది చూడండి. వ్లాగర్ వ్యూస్‌లో ఎక్కువ భాగం ఫాలోవర్లు కానివాళ్లే, ఎవరో ఏమిటో తెలియని జనం, చూశారు, పోయారు. కాకినాడ రీల్‌కి చూసినవాళ్లు తక్కువ, దాచుకున్నవాళ్లు మాత్రం వ్లాగర్ రీల్ కన్నా ఎక్కువ.

8. తర్వాత

కాకినాడ ఆవిడతో వెంటనే ఇంకో రెండు రీల్స్‌కి మాట్లాడుకున్నాం, ఒకటి గోంగూరకి, ఒకటి సంక్రాంతి ముందు. రెండోసారికి ఆవిడ రేటు 7,500 అడిగింది, ఇచ్చాం, 41 ఆర్డర్లు తెచ్చిన మనిషి దగ్గర పదిహేను వందలకి బేరమాడటం తెలివి కాదు. ఆమె అనుమతి తీసుకుని ఆ మొదటి రీల్‌నే పార్ట్‌నర్‌షిప్ యాడ్‌గా, అంటే ఆమె పేరుతోనే మన డబ్బుతో నడిచే ప్రకటనగా, రోజుకి 300 రూపాయలతో కొన్నాళ్లు నడిపాం, విశాఖ, విజయవాడలకి మాత్రమే. కోడ్ మార్చి నడపండి, లేకపోతే ఆ ఆర్డర్లు పాత లెక్కలో కలిసిపోతాయి.

వ్లాగర్‌కి మిగతా సగం డబ్బు చెప్పిన రోజే పంపేశాం. ఆయన తన పని తాను చక్కగా చేశాడు, చోటు తప్పుగా ఎంచుకున్నది నేను.

బెంగళూరు రీల్ కింద మాత్రం నేను వెతకనిది ఒకటి దొరికింది. "పీజీలో ఉంటాను, అర కిలో ఎక్కడ పెట్టుకోను, చిన్న ప్యాకెట్ లేదా?" అని ఏడుగురు అడిగారు. పిన్నికి చదివి వినిపిస్తే మొదట నవ్వింది, తర్వాత పావు కిలో పౌచ్‌లు తెప్పించమంది. ఇప్పుడు బెంగళూరు వెళ్లే పెట్టెల్లో సగానికి పైగా అవే.